బిల్లు ఫొటో డిలీట్ అయ్యాక క్లెయిమ్‌లో ఐటమ్‌లు, మొత్తం, తేదీ ఎలా టైప్ చేయాలి?

ప్రశ్న: "ఆఫీసు పని మీద విజయవాడ వెళ్లి వచ్చాను. దారిలో భోజనం చేసిన హోటల్ బిల్లు ఫొటో, ఫోన్‌లో జాగా కోసం ఖాళీ చేస్తుంటే డిలీట్ అయిపోయింది. కాగితం అప్పుడే పారేశాను. క్లెయిమ్ షీట్‌లో ఐటమ్‌ల వారీగా రాయమంటున్నారు. యూపీఐలో మొత్తం కనిపిస్తోంది, తిన్నవి కొంత గుర్తున్నాయి. మొత్తం కలిసేలా ఐటమ్‌లు, జీఎస్టీ నేనే టైప్ చేసి పంపవచ్చా? తేదీ ఏది వేయాలి? నేను హైదరాబాద్‌లో పనిచేస్తాను."

సమాధానం:

పంపకండి. యూపీఐలో కనిపిస్తున్న మొత్తాన్ని, చెల్లింపు తేదీని, హోటల్ పేరును ఒకే వరుసలో టైప్ చేయండి. బిల్లు పోయిందని అదే వరుసలో రాయండి. ఎంతమంది భోజనం చేశారో, అందులో కంపెనీ ఇవ్వని ఖర్చు ఏదైనా ఉందో లేదో చెప్పండి. ఐటమ్‌ల ధరలను, జీఎస్టీ విభజనను మాత్రం లెక్క కలవడం కోసం టైప్ చేయకండి. ఈ పని మొదలుపెట్టే ముందు ఆ ఫొటో నిజంగానే పోయిందా, హోటల్ వాళ్లు మళ్లీ బిల్లు ఇస్తారా అన్నది ఒకసారి చూసుకోండి, ఎందుకంటే ఈ రెండింటిలో ఒకటి కుదిరినా మీ సమస్య అక్కడితో తీరిపోతుంది.

నేను హైదరాబాద్‌లో ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో చాలా ఏళ్లుగా ప్రయాణపు క్లెయిమ్‌లు చూస్తున్నాను. నా బల్ల మీదికి వచ్చేవాటిలో దొంగ క్లెయిమ్‌లు చాలా తక్కువ. నిజంగా ఖర్చు పెట్టినవారు, బిల్లు పోయిందన్న కంగారులో, లేని వివరాలను ఉన్నట్లుగా టైప్ చేసి ఇబ్బందుల్లో పడడమే ఎక్కువగా చూశాను. అందుకే ఈ సమాధానం కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఫొటో సంగతి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన చిత్రాన్ని డిలీట్ చేస్తే అది 60 రోజుల వరకు ట్రాష్‌లో ఉంటుంది. బ్యాకప్ కానిదైతే 30 రోజులు ఉంటుంది. ఐఫోన్‌లో కూడా ఇటీవల డిలీట్ చేసినవాటి ఆల్బమ్‌లో 30 రోజుల వరకు దొరుకుతుంది. మీరు జాగా కోసం ఖాళీ చేశానంటున్నారు కాబట్టి ఇంకొకటి కూడా చూడండి. గూగుల్ ఫొటోస్‌లోనే ఉన్న "ఫ్రీ అప్ స్పేస్" నొక్కి ఉంటే, ఫోన్‌లోని ప్రతి మాత్రమే పోతుంది, ఖాతాలోని ప్రతి అలాగే ఉంటుంది. ఆ బిల్లును తోటి ఉద్యోగికో, మేనేజర్‌కో వాట్సాప్‌లో పంపి ఉంటే వాళ్ల ఫోన్‌లో దొరకవచ్చు. నా దగ్గరికి "పోయింది" అని వచ్చిన బిల్లులలో కొన్ని ఈ విధంగా పది నిమిషాలలో దొరికాయి.

రెండవది హోటల్ వాళ్లను అడగడం. ఇందులో మొహమాటం ఏమీ అక్కరలేదు. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి తన లెక్కలను, బిల్లుల ప్రతులను ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలని చట్టమే చెబుతోంది. కాబట్టి నమోదు ఉన్న హోటల్ అయితే పోయిన నెల బిల్లు వాళ్ల దగ్గర ఉండాలి. అయితే "మొన్న వచ్చాం, బిల్లు ఇవ్వండి" అంటే కౌంటర్‌లోని మనిషి వెతకలేడు. తేదీ, సమయం, మొత్తం, యూపీఐ చెల్లింపు వివరాలలో కనిపించే 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఈ నాలుగూ ఒకే మెసేజ్‌లో పంపండి. మొత్తం, సమయం తెలిస్తే ఆ రోజు బిల్లుల జాబితాలో మీ బిల్లు ఏదో వాళ్లకు వెంటనే తెలుస్తుంది. అలా మళ్లీ తీసిన ప్రతి మీద సాధారణంగా "డూప్లికేట్" అని అచ్చవుతుంది. దానివల్ల దాని విలువ తగ్గిపోతుందని కొందరు భయపడతారు గానీ, అకౌంట్స్ వాళ్లకు ఆ మాట ఉండడమే మేలు, ఎందుకంటే అసలు బిల్లుతో మరొకరు ఇప్పటికే క్లెయిమ్ చేశారా అన్నది చూసుకోవడానికి అది గుర్తుగా పనికివస్తుంది.

ఈ రెండూ కుదరలేదనుకుందాం. అప్పుడే టైప్ చేయడం అన్న ప్రశ్న వస్తుంది.

మా సర్వీస్ ఇంజనీర్ ఒకాయన విషయం చెబుతాను, మీ పరిస్థితికి ఇది చాలా దగ్గరగా ఉంది. 2025 జూన్ 5వ తేదీన ఆయన, ఇద్దరు సహోద్యోగులు, డ్రైవర్, మొత్తం నలుగురు కారులో విజయవాడ బయలుదేరి, మధ్యాహ్నం సూర్యాపేట దగ్గర భోజనానికి ఆగారు. ఆయన యూపీఐలో చెల్లించిన మొత్తం 1,202 రూపాయలు. నెలాఖరుకు ఫొటో లేదు. ఆయన క్లెయిమ్ షీట్‌లో ఇలా వచ్చింది: వెజ్ బిర్యానీ రెండు, ఒక్కొక్కటి 220 చొప్పున 440. మీల్స్ రెండు, 180 చొప్పున 360. పనీర్ కూర 260. నీళ్ల బాటిళ్లు రెండు 40. కాఫీలు మూడు 45. కలిపితే 1,145. దాని మీద సీజీఎస్టీ 2.5 శాతం 28.63, ఎస్‌జీఎస్టీ 2.5 శాతం 28.63, మొత్తం 1,202.26. రౌండ్ ఆఫ్ కింద 26 పైసలు తీసేస్తే సరిగ్గా 1,202.

లెక్కలో ఒక్క పైసా తేడా లేదు. నాకు అనుమానం వచ్చింది కూడా అందుకే. బిల్లు పోయిన మనిషికి మొత్తం గుర్తుండవచ్చు, ఏమి తిన్నాడో గుర్తుండవచ్చు, కానీ కాఫీ ధర 15 రూపాయలని, రౌండ్ ఆఫ్ 26 పైసలని గుర్తుండదు. ఆయనను పిలిచి అడిగాను.

"ఈ కాఫీ ధర ఎక్కడ చూసి రాశారండీ?"

"45 రూపాయలు తక్కువ వచ్చింది మేడమ్. మొత్తం కలవాలి కదా అని వేశాను."

ఆయన మంచి మనిషి, ఒక్క రూపాయి కూడా అదనంగా అడగలేదు. వారం తరువాత హోటల్ వాళ్లు డూప్లికేట్ పంపారు. అందులో మీల్స్ మూడు, 210 చొప్పున 630, చికెన్ బిర్యానీ ఒకటి 290, పెరుగన్నం ఒకటి 95, ఆమ్లెట్ ఒకటి 90, నీళ్ల బాటిళ్లు రెండు 40 ఉన్నాయి. వీటి మొత్తం కూడా 1,145. ఆయన టైప్ చేసినవాటిలో నీళ్ల బాటిళ్లు తప్ప ఒక్క వరుస కూడా ధరతో సహా సరిపోలేదు. మిగతా ముగ్గురూ ఏమి తిన్నారో ఆయన గమనించనే లేదు.

ఈ ఉదాహరణలో నేర్చుకోవలసినది లెక్కలోనే ఉంది. 1,202 అన్న మొత్తం నుంచి వెనక్కి వెళ్తే ఏమి తెలుస్తుందో చూడండి. బిల్లును దగ్గరి రూపాయికి సవరించారనుకుంటే, సవరించక ముందు అది 1,201.50కీ 1,202.49కీ మధ్య ఉండి ఉండాలి. ఐదు శాతం పన్ను అనుకుని ఈ రెండింటినీ 1.05తో భాగించండి.

```
=1201.50/1.05    → 1144.29
=1202.49/1.05    → 1145.23
```

హోటల్ ధరలన్నీ పూర్తి రూపాయల్లో ఉన్నాయనుకుంటే ఈ రెండింటి మధ్య పడే సంఖ్య ఒక్కటే, అది 1,145. అంటే పన్నుకు ముందు మొత్తాన్ని కనుక్కోవచ్చు. కానీ 1,145కు సరిపోయే వంటకాల జాబితాలు ఎన్నయినా ఉంటాయి, పైన చూపినవి వాటిలో రెండు మాత్రమే. మొత్తం కలిసిందంటే మీ కూడిక సరైనదని అర్థం, అంతే తప్ప మీరు రాసిన ఐటమ్‌లు సరైనవని కాదు.

ఆ 1,145 అయినా కొన్ని ఊహల మీద నిలబడినదే. హోటల్‌కు జీఎస్టీ నమోదు ఉండి, మామూలు రెస్టారెంట్‌గా ఐదు శాతం వసూలు చేసి ఉండాలి. ప్యాకింగ్ చార్జీ, సర్వీస్ చార్జీ, మీరు ఇష్టపడి కలిపి ఇచ్చిన టిప్పు వంటివి అందులో ఉండకూడదు. నలభై రూపాయల టిప్పు కలిపి స్కాన్ చేసి ఉంటే ఈ భాగహారం మొత్తం తప్పుతుంది. ఇంకా ముఖ్యమైన విషయం ఏమిటంటే, రోడ్డు పక్కన ఉండే చిన్న హోటళ్లలో కొన్నింటికి నమోదు ఉండదు, మరికొన్ని చిన్న వ్యాపారులకు జీఎస్టీలో ఉన్న కాంపొజిషన్ పద్ధతిలో ఉంటాయి. కాంపొజిషన్‌లో ఉన్న హోటల్ గ్రాహకుడి నుంచి విడిగా పన్ను వసూలు చేయకూడదు, వాళ్ల బిల్లులో పన్ను వరుసే ఉండదు. అటువంటి హోటల్ పేరు మీద మీరు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని టైప్ చేస్తే, ఆ హోటల్ వసూలు చేయని పన్నును వసూలు చేసినట్లు మీరు రాసినట్లవుతుంది. ఒక దాబా భోజనం మీద ఇలా రెండు పన్ను వరుసలు వేసి పంపిన క్లెయిమ్ ఒకటి మా దగ్గర ఆడిట్‌లో బయటపడింది. ఖర్చు నిజమే, మొత్తం నిజమే, పన్ను వరుసలు రెండూ కల్పితాలు. దానికి వివరణ రాయడానికి ఆ ఉద్యోగికి పట్టిన సమయం, మొదటే "బిల్లు లేదు" అని రాసి ఉంటే పట్టే సమయం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

అయితే ఐటమ్‌ల వారీగా రాయమంటున్నారు కదా, ఆ గడులను ఏమి చేయాలి అని మీరు అడుగుతారు. అకౌంట్స్ వాళ్లు ఐటమ్‌లు ఎందుకు అడుగుతారో తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది. మీరు పెరుగన్నం తిన్నారా, పూరీ తిన్నారా అన్నది మాకు అవసరం లేదు. మేము చూసేవి మూడు. మద్యం, సిగరెట్లు, ఇంటికి కట్టించుకున్న స్వీట్లు వంటి కంపెనీ ఇవ్వని ఖర్చు అందులో ఉందా? ఎంతమందికి అయిన భోజనం, తలకు పరిమితి దాటిందా? కంపెనీ తిరిగి పొందగలిగిన పన్ను ఏదైనా ఉందా? ఐటమ్‌ల జాబితా ఈ మూడింటికీ సాక్ష్యం, అంతే. సాక్ష్యం పోయినప్పుడు మరో సాక్ష్యాన్ని తయారు చేయకుండా, ఆ మూడు ప్రశ్నలకూ మీరే సూటిగా జవాబు రాయవచ్చు.

మూడవ ప్రశ్నకు మీ విషయంలో జవాబు సులువు. జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం భోజనం మీద చెల్లించిన పన్నుకు సాధారణంగా కంపెనీకి క్రెడిట్ రాదు. కాబట్టి భోజనపు బిల్లులో పన్ను ఎంతో విడదీసి రాసినా, రాయకపోయినా కంపెనీ దాన్ని మొత్తంగా ఖర్చు కిందే వేస్తుంది. పన్ను గడులు ఖాళీగా వదిలేస్తే కంపెనీకి నష్టం లేదు. గడి ఖాళీగా ఉంటే షీట్ ముందుకు కదలకపోతే సున్నా వేసి, వివరణలో "బిల్లు లేనందున పన్ను విడదీయలేదు" అని రాయండి.

బస చేసిన లాడ్జి బిల్లు సంగతి మాత్రం వేరు. వరంగల్‌లోనో, కరీంనగర్‌లోనో కంపెనీ జీఎస్టీ నంబరు ఇచ్చి బస చేసి ఉంటే ఆ పన్ను మీద కంపెనీకి క్రెడిట్ వచ్చే అవకాశం ఉంటుంది, దానికి బిల్లు చేతిలో ఉండి తీరాలి. మీరు టైప్ చేసిన అంకెలు దానికి పనికిరావు. ఇక్కడ చాలామంది ఉద్యోగులకు తెలియని ఆధారం ఒకటి ఉంది. లాడ్జి వాళ్లు మీ కంపెనీ నంబరుతో బిల్లు వేసి, తమ రిటర్న్‌లో చూపి ఉంటే, అది మీ కంపెనీ జీఎస్టీఆర్-2బీ స్టేట్‌మెంట్‌లో కనబడుతుంది. బిల్లు నంబరు, తేదీ, పన్నుకు ముందు విలువ, పన్ను అన్నీ అందులో ఉంటాయి. ఒక నెల బిల్లులు మరుసటి నెల మధ్యలో అందులోకి వస్తాయి. మీ అకౌంట్స్ విభాగంలో జీఎస్టీ చూసేవారిని అడిగితే, ఆ బిల్లు నంబరు పట్టుకుని లాడ్జి నుంచి ప్రతి తెప్పించడం తేలిక. విజయవాడ లాడ్జి విషయంలో అక్కడ పడేది ఆంధ్రప్రదేశ్ పన్ను కాబట్టి, తెలంగాణలో మాత్రమే నమోదైన కంపెనీకి ఆ క్రెడిట్ ఎలాగూ రాదు, అయినా బస ఖర్చు పెద్దది కనుక బిల్లు తెప్పించుకోవడమే మంచిది.

ఇప్పుడు తేదీ. ఐటమ్‌ల కంటే తేదీ దగ్గరే పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి.

బిల్లు తేదీ, చెల్లింపు తేదీ, స్టేట్‌మెంట్‌లో నమోదైన తేదీ అన్నవి మూడు వేరు వేరు విషయాలు. యూపీఐలో చెల్లింపు అప్పటికప్పుడే జరుగుతుంది కాబట్టి మధ్యాహ్నపు భోజనానికి మొదటి రెండూ ఒకటే అవుతాయి. క్రెడిట్ కార్డులో అయితే స్టేట్‌మెంట్‌లో నమోదైన తేదీ ఒకటి రెండు రోజులు వెనక పడవచ్చు. అలాంటప్పుడు స్టేట్‌మెంట్‌లోని లావాదేవీ తేదీని గానీ, ఆ క్షణంలో బ్యాంకు నుంచి వచ్చిన ఎస్సెమ్మెస్ తేదీని గానీ తీసుకోండి. రాత్రి 12 దాటాక భోజనం చేస్తే, కొన్ని హోటళ్ల యంత్రాలు ఆ రోజు లెక్క మూసేవరకు ముందు రోజు తేదీనే వేస్తాయి. బిల్లు దొరికినప్పుడు ఒక రోజు తేడా కనబడితే కంగారు పడకుండా ఉండడానికి, తేదీ పక్కన "చెల్లింపు తేదీ, యూపీఐ ప్రకారం" అని రాయడం అలవాటు చేసుకోండి. ఏ తేదీ అన్నది చెప్పిన తరువాత అది తప్పు తేదీ అని ఎవరూ అనలేరు.

టైప్ చేసేటప్పుడు వచ్చే చిక్కు మరొకటి. మా ఇంజనీర్ జూన్ 5ను 05/06/2025 అని కొట్టారు. ఆయన ల్యాప్‌టాప్‌లో తేదీల అమరిక అమెరికా పద్ధతిలో ఉంది, కాబట్టి ఎక్సెల్ దాన్ని మే 6గా తీసుకుంది. మే నెల క్లెయిమ్ గడువు దాటిపోయిందని సాఫ్ట్‌వేర్ దాన్ని తిప్పి పంపింది. దీనిలో మోసపుచ్చే విషయం ఏమిటంటే, అదే షీట్‌లో 18/06/2025 అని కొడితే పద్దెనిమిదో నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా తీసుకోకుండా మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది, చూడడానికి మాత్రం అది సరిగ్గానే కనబడుతుంది. అమరిక మార్చని గడిలో నిజమైన తేదీ కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు జరుగుతాయి. ఒకే నిలువు వరుసలో కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకు ఉంటే అమరిక తేడాగా ఉందని అర్థం. ఈ రెండు సూత్రాలతో పరీక్షించవచ్చు.

```
=ISNUMBER(B2)
=TEXT(B2,"dd-mmm-yyyy")
```

మొదటిది FALSE అని చూపితే అది తేదీ కాదు. రెండవది నెలను పేరుతో చూపుతుంది కనుక మేనా, జూనా అన్నది వెంటనే తెలుస్తుంది. అసలు మొదటి నుంచే నెలను అంకెలో కాకుండా 05-Jun-2025 అని పేరుతో కొడితే ఈ బాధ ఉండదు.

మీ ప్రయాణంలో టోల్, పెట్రోల్ కూడా ఉండి ఉంటాయి కాబట్టి వాటి గురించి కొద్దిగా చెబుతాను. హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాలు వస్తాయి. ఫాస్టాగ్ ఇచ్చిన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ప్లాజా పేరు, సమయం, మొత్తం ఉంటాయి, కాబట్టి వాటి రసీదు ఫొటోలు పోయినా ఫరవా లేదు. వెళ్లేటప్పటి మొత్తాన్నే వచ్చేటప్పుడు కూడా వేసి రెట్టింపు చేయడం ఇక్కడ జరిగే పొరపాటు. 24 గంటలలోపు తిరిగి వస్తే రెండవసారి తక్కువ పడుతుంది. స్టేట్‌మెంట్ చూసి విడివిడిగా కొట్టండి. పెట్రోల్ జీఎస్టీలో లేదు, వ్యాట్ కింద ఉంది, కాబట్టి దాని మీద సీజీఎస్టీ రాయకండి. కొందరు చెల్లించిన మొత్తాన్ని హైదరాబాద్ ధరతో భాగించి లీటర్లు టైప్ చేస్తారు. 2017 జూన్ నుంచి ధరలను రోజువారీగా సవరించే పద్ధతి ఉంది, ఊరిని బట్టి ధర మారుతుంది, ఆంధ్రప్రదేశ్‌లో పన్ను వేరు. భాగించి వచ్చిన లీటర్లు పంపు యంత్రం చూపిన లీటర్లు కావు. ఆ గడి తప్పనిసరి అయితే "లెక్కించినది" అని పక్కన రాయండి.

ఇక మీరు అడగకపోయినా చెప్పవలసిన విషయం ఉంది. ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో హోటల్ పేరుతో కొత్త బిల్లు తయారు చేసి అచ్చు తీసే సదుపాయాలు చాలా ఉన్నాయి. ఖర్చు నిజమే కదా అని దయచేసి ఆ పని చేయకండి. షీట్‌లో ఐటమ్ ధర ఊహించి రాయడం తప్పు, దిద్దుకోవచ్చు. హోటల్ ఇచ్చినట్లుగా బిల్లు తయారు చేయడం ఆ హోటల్ పేరు మీద దొంగ పత్రం సృష్టించడం, దాన్ని దిద్దుకోవడానికి దారి ఉండదు. నా సర్వీసులో ఒక కుర్రాడు 900 రూపాయల నిజమైన ఖర్చుకు ఇలా చేసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఒక వాక్యం రాసి ఉంటే ఆ 900 ఆయనకు వచ్చేవి.

అది ఎలా బయటపడిందో చెబుతాను. ఆయన విజయవాడ హోటల్ బిల్లు మీద వేసిన జీఎస్టీ నంబరు 36తో మొదలైంది. మొదటి రెండు అంకెలు రాష్ట్ర కోడ్, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. విజయవాడలోని హోటల్‌కు 36 ఉండదు. ఆ అనుమానంతో బిల్లు నంబరు చూశాను. బిల్లు నంబర్లు ఆర్థిక సంవత్సరం పొడవునా వరుసగా నడవాలి. అదే వారంలో అదే హోటల్ నుంచి ఇంకో ఇద్దరు సహోద్యోగులు తెచ్చిన బిల్లుల నంబర్లు ఎనిమిది వేల పైన ఉన్నాయి, ఈయనది 412. క్లెయిమ్‌లు చూసేవారి దగ్గర ఒకే హోటల్ బిల్లులు ఎన్నో ఉంటాయన్న సంగతి, ఒక్క బిల్లు మాత్రమే చూసే ఉద్యోగికి తట్టదు.

అందువల్ల షీట్‌లో ప్రతి సంఖ్యకు అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలగాలి. నేను మా వాళ్లకు చెప్పేది ఇదే. యూపీఐలోనో, స్టేట్‌మెంట్‌లోనో చూసినది మామూలుగా టైప్ చేయండి. ఆ రోజే మీరు ఎవరికైనా "భోజనం 1,202 అయింది, నలుగురం" అని మెసేజ్ పెట్టి ఉంటే అది నెలాఖరు జ్ఞాపకం కంటే బలమైనది, దాని స్క్రీన్‌షాట్ జతచేయండి. లెక్క వేసి తీసిన సంఖ్యకు "లెక్కించినది" అని, కేవలం జ్ఞాపకం నుంచి రాసినదానికి "గుర్తున్నంతవరకు" అని రాయండి. జ్ఞాపకం నుంచి వంటకాల పేర్లు రాయవచ్చు, వాటి ధరలు రాయకండి.

మా ఇంజనీర్ పాత వరుసలన్నీ తీసేసి, చివరకు ఒకే వరుసలో పంపిన వివరణ ఇది. మీ వివరాలతో మార్చుకుని వాడుకోవచ్చు.

"05-జూన్-2025 (చెల్లింపు తేదీ, యూపీఐ ప్రకారం), మధ్యాహ్న భోజనం, సూర్యాపేట, మొత్తం రూ. 1,202. అసలు బిల్లు, దాని ఫొటో రెండూ నా దగ్గర లేవు. నలుగురు భోజనం చేశాము (నేను, ఇద్దరు సహోద్యోగులు, డ్రైవర్). గుర్తున్నంతవరకు మీల్స్, బిర్యానీ, నీళ్ల బాటిళ్లు. మద్యం గానీ, సొంత కొనుగోళ్లు గానీ ఇందులో లేవు. పన్ను విడదీయలేదు. యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ జతచేశాను. హోటల్‌ను డూప్లికేట్ బిల్లు అడిగాను, వస్తే పంపుతాను. ఈ ఖర్చును మరెక్కడా క్లెయిమ్ చేయలేదు."

దీన్ని మీ మేనేజర్ ద్వారా పంపండి, ఆ భోజనంలో ఉన్న సహోద్యోగి ఒకరు "నిజమే" అని ఈమెయిల్‌లో ఒక మాట రాస్తే ఇంకా మంచిది. కొన్ని కంపెనీలలో బిల్లు లేని ఖర్చుకు ప్రత్యేక ఫారం, గరిష్ఠ పరిమితి ఉంటాయి, మీ ప్రయాణ విధానంలో ముందే చూసుకోండి. పరిమితి 1,000 రూపాయలైతే మిగతా 202 మీరు వదులుకోవలసి రావచ్చు. దాన్ని తప్పించుకోవడానికి ఒకే భోజనాన్ని రెండు చిన్న మొత్తాలుగా విడగొట్టి వేయకండి, యూపీఐ స్క్రీన్‌షాట్‌లో ఒకే మొత్తం ఉంటుంది కాబట్టి అది మొదటి చూపులోనే తెలిసిపోతుంది.

నగదుగా ఇచ్చి ఉంటే ఆధారం ఇంకా పలచబడుతుంది. అప్పుడు మొత్తం కూడా మీ జ్ఞాపకమే కాబట్టి "సుమారు రూ. 300" అని గుండ్రంగా రాయండి. నగదు చెల్లింపుకు బిల్లు లేకుండా 287.50 అని కనబడితే, ఆ యాభై పైసలు ఎక్కడివి అన్నదే నేను మొదట అడిగే ప్రశ్న.

డూప్లికేట్ బిల్లు తరువాత వస్తే, పంపిన వరుసను చెరిపేసి కొత్తది వేయకండి. పాతదాన్ని అలాగే ఉంచి, దాని కింద బిల్లు నంబరు, బిల్లు తేదీ, ఐటమ్‌లు, పన్ను చేర్చి, మొత్తంలో తేడా ఉంటే ఆ తేడాను విడిగా చూపండి. మా ఇంజనీర్ విషయంలో తేడా సున్నా వచ్చింది, ఆ క్లెయిమ్‌ను అదే వారం పాస్ చేశాను.